చిత్తకూ స్వాతికీ మధ్య ఒక గంట

విదేశాల్లో రెండు వేర్వేరు కాలమండలాల్లో ఉంటున్న జంట, విశాఖపట్నంలో జాతకాలు కలిస్తే తప్ప పెళ్లి లేదంటున్న రెండు కుటుంబాలు అన్న వస్తువు చేతికి రాగానే మన కథకులు సాధారణంగా ఒక తేలిక దారి పడతారు. కాలభేదాన్ని దిగులు పుట్టించడానికి, జాతకాన్ని పెద్దవాళ్లను వెక్కిరించడానికి వాడుకుంటారు. అక్కడ రాత్రి, ఇక్కడ పగలు అని రెండు వాక్యాలు, సిద్ధాంతి గారి ముక్కుపొడి మీద ఒక వాక్యం, చివర పిల్లల ధిక్కారం. ఈ వస్తువు మీద నేనొక చిన్న కథ రాసి, సీతమ్మధారలో ఉండే ఒక మిత్రుడికి చదవమని ఇచ్చాను. ఆయన కథ బాగుందని అంటూనే, అందులోని జాతకగణితమంతా తీసివేయమన్నారు. "పాఠకులకు పంచాంగం చెప్పడానికా మీరు కథ రాసింది?" అని అడిగారు. ఆ గణితం తీసేస్తే మిగిలేది కథ కాదని నా వాదన. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు కథ చెప్పాలి.

కథలో వాళ్లకు పేర్లున్నాయి కానీ, ఇక్కడ అమ్మాయి, అబ్బాయి అంటే చాలు. ఇద్దరూ విశాఖలో కలిసి చదువుకున్నవాళ్లు. ఇప్పుడు అమ్మాయి డాలస్‌లో, అబ్బాయి సిడ్నీలో ఉద్యోగాలు చేస్తున్నారు. అబ్బాయి పుట్టింది గాజువాకలో. అమ్మాయి మాత్రం 1996 జూలై నాలుగో వారంలో, తండ్రి అమెరికాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, న్యూజెర్సీలో పుట్టింది. మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో విశాఖ వచ్చేసి, ఎం.వి.పి. కాలనీలో తాతయ్య ఇంట్లో పెరిగింది. కథకు కావలసిన మొదటి వాస్తవం ఇదే. ఇద్దరూ విశాఖలోనే పుట్టి ఉంటే వాళ్లు ఇప్పుడు డాలస్‌లో ఉన్నా, సిడ్నీలో ఉన్నా వారి జాతకాలకు వచ్చే తేడా ఏమీ లేదు. జాతకచక్రానికి కావలసింది పుట్టిన క్షణం, పుట్టిన చోటు మాత్రమే. ఇప్పుడు ఏ దేశంలో ఏ గడియారం చూసుకుంటున్నారన్న దానితో దానికి పని లేదు. కాబట్టి కాలమండలాలూ జాతకాలూ ఒకే కథలో ఉండాలంటే ఎవరో ఒకరు పరాయి గడియారం కింద పుట్టి ఉండాలి. లేకపోతే అవి ఒకే పుస్తకంలో అచ్చయిన రెండు వేరు కథలవుతాయి.

ఇక వాళ్ల మధ్య ఉన్న వ్యవధి సంగతి. డాలస్‌కూ సిడ్నీకీ తేడా ఎన్ని గంటలంటే ఒక్క అంకెలో సమాధానం లేదు. డిసెంబరులో 17 గంటలు, జూన్‌లో 15 గంటలు, మధ్యలో కొన్ని వారాలు 16. అమెరికాలో గడియారాన్ని వేసవి కోసం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. సిడ్నీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడి వేసవి గడియారం అక్టోబరు మొదటి ఆదివారం మొదలై ఏప్రిల్ మొదటి ఆదివారం ముగుస్తుంది. ఒకరు ముందుకు జరిగే కాలంలో మరొకరు వెనక్కి జరుగుతారు. విశాఖ గడియారం మాత్రం ఏడాది పొడవునా కదలదు. నా కథలో అమ్మాయి శనివారం రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తుంది. చలికాలంలో అప్పుడు విశాఖలో ఆదివారం ఉదయం 8:30, సిడ్నీలో మధ్యాహ్నం 2. మార్చిలో అమెరికా గడియారం మారిన తరువాత అదే రాత్రి 9 గంటలు విశాఖలో 7:30, సిడ్నీలో 1 అవుతుంది. ఏప్రిల్‌లో సిడ్నీ గడియారం కూడా మారాక అక్కడ మధ్యాహ్నం 12 అవుతుంది. ప్రతి ఏడూ ఈ మూడు నాలుగు వారాల్లో వాళ్లిద్దరికీ ఒకటి రెండు ఫోన్లు తప్పిపోతాయి, ఒకటి రెండు అలకలు మిగులుతాయి.

పెద్దవాళ్లు పొంతన చూపించారు. అబ్బాయిది శ్రవణా నక్షత్రం, మకరరాశి. అమ్మాయి జాతకంలో స్వాతీ నక్షత్రం, తులారాశి, మీనలగ్నం అని రాసి ఉంది. అష్టకూటాల్లో మొత్తం 36 గుణాలు, అందులో 18 వస్తే సామాన్యంగా సరేనంటారు. వీళ్లకు 18 దాటాయి. అయినా సిద్ధాంతి గారు కాదన్నారు. నక్షత్రాలను ఆది, మధ్య, అంత్య అని మూడు నాడులుగా పంచుతారు, శ్రవణం, స్వాతి రెండూ అంత్యనాడి నక్షత్రాలు. నాడి కూటానికి 8 గుణాలుంటాయి, అది ఎనిమిది కూటాల్లోనూ పెద్దది. ఇద్దరిదీ ఒకే నాడి అయితే దానికి వచ్చేది సున్నా. నాడీదోషాన్ని సంతానానికి ముడిపెట్టి భయపడతారు కాబట్టి, మిగతా కూటాలు ఎంత బాగున్నా చాలా ఇళ్లలో మాట అక్కడే ఆగిపోతుంది. నాడి అంటే రక్తం గ్రూపే అని ఈ మధ్య ఒక వ్యాఖ్యానం పుట్టింది. దానికి వైద్యంలోనూ ఆధారం లేదు, జ్యోతిషంలోనూ లేదు, కథలో అబ్బాయి మేనత్త నోట మాత్రం ఉంది. ఇది చాలదన్నట్టు మీనలగ్నానికి నాలుగో ఇంట, అంటే మిథునంలో, కుజుడున్నాడు. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే కుజదోషమన్నది మనవైపు లెక్క. అబ్బాయికి ఆ దోషం లేదు, కాబట్టి దోషానికి దోషం చెల్లు అనే వీలూ లేదు.

ఆ జాతకం రాసింది తాతయ్య. ఓడరేవులో గుమాస్తాగా పనిచేసిన ఆయన లెక్కలో జాగ్రత్త గల మనిషి. మనుమరాలు పుట్టిన రోజున కొడుకు ఫోన్ చేసి, అక్కడి సమయం మధ్యాహ్నం 12:20 అని చెప్పాడు. న్యూయార్కుకూ మనకూ తేడా పదిన్నర గంటలని తాతయ్యకు తెలుసు. 12:20కి 10:30 కలిపి, భారత కాలమానంలో రాత్రి 10:50 అని రాసుకున్నారు. పంచాంగం తీస్తే ఆ రోజు చిత్త రాత్రి 10:10 వరకు, తరువాత స్వాతి అని ఉంది. (ఆ ఘడియలు కథ కోసం నేను పెట్టుకున్నవి. తేదీ చెప్పకుండా వదిలేశాను.) కాబట్టి స్వాతి మొదటి పాదం. ఆ తరువాత అదే పంచాంగంలో విశాఖకు పనికివచ్చే లగ్నపట్టికలో రాత్రి 10:50 దగ్గర చూస్తే మీనలగ్నం దొరికింది. అంతా శుభ్రంగా, ఎర్రసిరా గీతలతో, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టారు.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి. వాటి స్వభావాలు ఒకదానికొకటి పూర్తిగా వేరు, కథ మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

నక్షత్రం అంటే ఆ క్షణంలో చంద్రుడు ఆకాశంలో ఉన్న చోటు. అది న్యూజెర్సీకీ విశాఖకూ ఒకటే. అందుకే అమెరికాలో పుట్టిన బిడ్డ సమయాన్ని మన కాలమానంలోకి మార్చి మన పంచాంగంలో నక్షత్రం చూడడం తప్పు కాదు, మార్చడం సరిగా ఉంటే చాలు. కానీ జూలైలో న్యూజెర్సీ గడియారం వేసవి కాలంలో ఉంటుంది. అప్పుడు తేడా పదిన్నర గంటలు కాదు, తొమ్మిదిన్నర. 1996లో అమెరికాలో ఈ వేసవి కాలం ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు ఉండేది. ఇప్పటి మార్చి-నవంబరు నియమం 2007లో వచ్చింది. పైగా ఇండియానా రాష్ట్రంలో ఎక్కువ భాగం 2006 దాకా గడియారాలు మార్చేదే కాదు. అంటే ఏ ఏడు, ఏ నెల, ఏ రాష్ట్రం అన్న మూడూ తెలియకుండా ఆ గంట సంగతి తేల్చలేము. ఇక్కడ మాత్రం సందేహం లేదు. అమ్మాయి పుట్టింది భారత కాలమానంలో రాత్రి 9:50కి. చిత్త వెళ్లడానికి ఇంకా 20 నిమిషాలుంది. ఆమెది చిత్తా నక్షత్రం నాలుగో పాదం, రాశి అదే తుల, కానీ నాడి మధ్యనాడి.

లగ్నం సంగతి ఇలాంటిది కాదు. పుట్టిన చోట, పుట్టిన క్షణాన తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి లగ్నం. అది సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది, చోటు మారితే ఇంకా మారుతుంది. న్యూజెర్సీ మనకు దాదాపు భూమికి అవతలి వైపు. అక్కడ బిడ్డ పుట్టిన క్షణాన విశాఖ తూర్పు సముద్రం మీద ఏ రాశి ఉదయిస్తోందో చూసి దాన్ని బిడ్డకు లగ్నంగా పెడితే అసలు లగ్నానికి ఐదారు రాశుల దూరంలో తేలుతుంది. సరిగా లెక్కిస్తే ఆమెది కన్యాలగ్నం. కన్యకు మిథునం పదో ఇల్లు, అక్కడ కుజుడుంటే కుజదోషం లేదు.

ఈ రెండో పొరపాటును పట్టుకోవడానికి సిద్ధాంతి అక్కర్లేదు, రవి ఎక్కడున్నాడో చూస్తే చాలు. సూర్యోదయానికి పుట్టిన బిడ్డకు రవి లగ్నం దగ్గర, మధ్యాహ్నం పుడితే పదో స్థానానికి అటూ ఇటూ, సూర్యాస్తమయానికి ఏడో ఇంటి దగ్గర, అర్ధరాత్రి నాలుగో ఇంటి దగ్గర ఉండాలి. తాతయ్య రాసిన చక్రంలో మీనలగ్నానికి రవి ఐదో ఇంట కర్కాటకంలో ఉన్నాడు, అంటే భూమికి కింద. మిట్టమధ్యాహ్నం పుట్టిన పిల్ల జాతకంలో చీకటి పడి చాలా సేపయింది. కన్యాలగ్నానికైతే అదే కర్కాటకం పదకొండో ఇల్లు అవుతుంది, అది మధ్యాహ్నానికి సరిపోతుంది. మొదటి పొరపాటుకు ఇలాంటి ఆనవాలేదీ చక్రంలో కనిపించదు. ఒక గంట తేడా వస్తే చాలాసార్లు నక్షత్రం మారదు, ఎందుకంటే చంద్రుడు ఒక నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు. మారిన సందర్భంలో కూడా చూడడానికి అంతా సవ్యంగానే ఉంటుంది. దాన్ని పట్టుకునేది క్యాలెండరు ఒక్కటే.

ఒక చిత్రమైన సంగతి కూడా ఉంది. తాతయ్య ఏమీ మార్చకుండా, మధ్యాహ్నం 12:20 అన్న మాటను విశాఖ సమయమే అనుకొని లెక్క కట్టి ఉంటే, చంద్రుడు తొమ్మిదిన్నర గంటలు వెనక పడినా చిత్తలోనే ఉండేవాడు, లగ్నం తుల వచ్చేది, కుజుడు తొమ్మిదో ఇంట పడి దోషం తప్పేది. జాగ్రత్తపరుడి శ్రమ పెళ్లిని ఆపింది, బద్ధకస్తుడి లెక్క నడిపించి ఉండేది. మిత్రుడు దీన్ని కూడా కొట్టివేయమన్నారు. నాకు కథలో అన్నిటికంటే ఇష్టమైన పేరా ఇదే.

ఆ గంట ఎలా బయటపడుతుంది? ఇక్కడే నా వాదన నిలుస్తుంది. "ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉంది కదండీ, ఊరు, తేదీ, సమయం ఇస్తే అదే సరిచేస్తుంది" అన్నారు మిత్రుడు. ఊరు న్యూజెర్సీ అని, సమయం అక్కడి గడియారం ప్రకారం ఇస్తే నిజంగానే సరిచేస్తుంది. కానీ ఇళ్లలో జరిగేది వేరు. తాతయ్య రాసిన రాత్రి 10:50 అన్న అంకె అప్పటికే ఇంటి ఆస్తి అయిపోయింది. వివాహవేదిక దరఖాస్తులోనూ, సిద్ధాంతి గారి వాట్సాప్‌లోనూ ఆ అంకే వెళుతుంది, దాని పక్కన ఊరు విశాఖపట్నం అని వెళుతుంది. సాఫ్ట్‌వేరు దాన్ని నమ్మి, అదే స్వాతినీ అదే మీనలగ్నాన్నీ మరింత అందంగా అచ్చువేసి ఇస్తుంది. పాత పొరపాటుకు కొత్త ముద్ర పడుతుంది, అంతే.

కాబట్టి దాన్ని కనిపెట్టగలిగినవాళ్లు గడియారాల మార్పుతో రోజూ బతుకుతున్నవాళ్లే. మార్చిలో ఒక ఆదివారం అమ్మాయి ఫోను 7:30కే మోగుతుంది. తల్లి పూజలో ఉంటుంది. "ఎనిమిదిన్నరకు కదమ్మా చేస్తావు?" అని అడుగుతుంది. "ఇక్కడ గడియారం గంట ముందుకు జరిపారమ్మా, ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాను" అంటుంది అమ్మాయి. అవతల సిడ్నీలో భోజనం చేస్తూ వింటున్న అబ్బాయి, "అత్తయ్యగారూ, తను పుట్టినప్పుడు కూడా ఈ గంట కలిపారా?" అని హాస్యానికి అంటాడు. ఆ మాట తరువాత ముగ్గురూ కాసేపు మాట్లాడరు. కాలభేదం ఈ కథలో దిగులు కోసం లేదు. దానితో ఏళ్ల తరబడి పడిన ఇబ్బంది వల్లనే వాళ్లకు ఆ ప్రశ్న తడుతుంది. గణితం తీసివేస్తే ఈ ఫోను సంభాషణ ఒక మామూలు ముచ్చటగా మిగిలిపోతుంది.

మిత్రుడి అసలు అభ్యంతరం వేరే ఉందని తరువాత తెలిసింది. జాతకాన్ని సరిచేయించి పెళ్లి చేయడమంటే జాతకాన్ని ఒప్పుకున్నట్టే కదా, అది వెనుకబాటు కాదా అన్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. అమ్మాయికి జాతకాల మీద నమ్మకం లేదు. అయినా లెక్క తప్పని తెలిసిన రాత్రి ఆమె నిద్రపోకుండా పంచాంగాలు వెతుకుతుంది. నమ్మనివాడి చేతికి అనుకూలమైన సాక్ష్యం దొరికితే వాడు ఆ న్యాయస్థానాన్ని ఎంత త్వరగా గౌరవించడం మొదలుపెడతాడో చూపాలన్నదే నా ఉద్దేశం. అందుకే ఆ సాక్ష్యాన్ని పూర్తిగా అనుకూలంగా ఉంచలేదు. చిత్త వచ్చాక నాడికి 8 గుణాలు వచ్చాయి, కుజదోషం పోయింది. కానీ స్వాతిది దేవగణం, చిత్తది రాక్షసగణం. శ్రవణం దేవగణం కాబట్టి స్వాతితో గణకూటానికి పూర్తిగా 6 గుణాలు వచ్చేవి. చిత్తతో, పట్టికను బట్టి, ఒకటో సున్నానో వస్తుంది. అదీ అమ్మాయిది రాక్షసగణం, అబ్బాయిది దేవగణం అయ్యింది, పెద్దవాళ్లకు రుచించని అమరిక అది. ఇంతకుముందు నాడి అని భయపడిన మేనత్త ఇప్పుడు గణం అని భయపడుతుంది.

ఇంకొక మెలిక కూడా ఉంది. మన ప్రభుత్వ పంచాంగానికి పునాది మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం 1955లో ఇచ్చిన నివేదిక. రాశుల, నక్షత్రాల లెక్క ఆకాశంలో ఎక్కడ మొదలవుతుందో తేల్చే అంకెను అయనాంశ అంటారు, ఆ నివేదికలోనిది లాహిరి అయనాంశ. ఎక్కువమంది దాన్నే వాడతారు. బి.వి. రామన్ అయనాంశ వాడేవాళ్లూ ఉన్నారు. ఆ రెండింటికీ దాదాపు ఒకటిన్నర డిగ్రీల తేడా, అంటే చంద్రుడి నడకలో రెండున్నర గంటలకు పైన. నక్షత్రం మారడానికి 20 నిమిషాల ముందు పుట్టిన పిల్లకు ఆ తేడా చాలా ఎక్కువ. రామన్ లెక్కలో ఆమె ఎటు తిరిగీ స్వాతే. కాబట్టి గడియారాన్ని సరిచేసినంత మాత్రాన ఆమె ఏ నక్షత్రమో ఖాయం కాలేదు. ఏ సిద్ధాంతి దగ్గరికి వెళ్లాలన్న నిర్ణయం చివరికి మనుషులదే. రెండు కుటుంబాలూ జాతకాన్ని పట్టుబట్టాయే గాని, ఏ జాతకాన్ని పట్టుబట్టాలో అంతవరకు ఎంచుకోవలసిన అవసరం వాటికి రాలేదు.

చివరి ఘట్టం తాతయ్యది. మనుమరాలు గంట సంగతి చెబితే ఆయన మొదట నమ్మరు. గడియారాన్ని మనుషులు జరుపుతారా అని కోపగించుకుంటారు. ఆయన పుట్టింది 1943లో, విశాఖలోనే. జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసిన మరుసటి ఏడు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు మన దేశంలో కూడా యుద్ధం కారణంగా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచారు. ఆ మాట విని ఆయన తన సొంత జాతకం తీయిస్తారు. తాటాకు కాదు, పాత లెడ్జరు కాగితం. జన్మసమయం పక్కన, దాన్ని రాసిన సిద్ధాంతి చిన్న అక్షరాల్లో, యుద్ధకాలపు గంట తగ్గించి కట్టితిమి అని రాసి ఉంటారు. తాతయ్య దాన్ని ఎన్నోసార్లు చూసి ఉంటారు, అర్థం ఏమిటని ఎప్పుడూ అడగలేదు. కథలో ఆయన మనుమరాలి వాదనకు లొంగరు. తన జాతకం కట్టిన ఆ పాత సిద్ధాంతి చేసిన పనికి లొంగుతారు. ఇది మిత్రుడికి పెద్దగా నచ్చలేదు, పిల్లల గెలుపు పెద్దాయనకు దక్కిందన్నారు. దక్కనివ్వండి అన్నాను.

తరువాత తాతయ్య నోటుపుస్తకం తెరిచి, రాత్రి 10:50 అన్న అంకెను కొట్టివేసి 9:50 అని రాసి, ఊరి పేరు కూడా మారుస్తారు. మరునాడు ఉదయం అబ్బాయి తండ్రికి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, అమ్మాయిది చిత్త. గణం కలవదు, నాడి కలుస్తుంది. మీరు దేనికి భయపడతారో చెప్పండి" అని అడుగుతారు. కథ అక్కడ ఆపాను. ఆ ప్రశ్నకు అబ్బాయి తండ్రి ఏమన్నారో రాయమని మిత్రుడు ఇప్పటికీ పట్టుబడుతున్నారు.